కాలరేఖలో పదహారు నెలల ఖాళీ

పదో తరగతి చరిత్ర నోట్సులో సహాయ నిరాకరణోద్యమం పాఠం తిరగేస్తే తేదీలకు కొదవుండదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం, 1915లో గాంధీజీ స్వదేశానికి రాక, 1919లో రౌలట్ చట్టం, అదే ఏడు జలియన్‌వాలాబాగ్, 1920లో నాగపూర్ కాంగ్రెస్, 1922లో చౌరీచౌరా. పిల్లలు వీటిని ఒక గీత మీద వరసగా రాసి, చదువుకునే బల్ల ముందు గోడకు అంటించుకుంటారు. “సహాయ నిరాకరణోద్యమానికి దారితీసిన పరిస్థితులను వివరించండి” అన్న వ్యాసరూప ప్రశ్న వచ్చిందంటే ఆ గోడ మీది గీతే జవాబుపత్రంలోకి దిగుతుంది. “1919లో రౌలట్ చట్టం వచ్చింది. తర్వాత జలియన్‌వాలాబాగ్ దురంతం జరిగింది. తర్వాత గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం ప్రారంభించారు.” రాసినదాంట్లో తప్పేమీ లేదు. అడిగింది మాత్రం అందులో లేదు. ఒకదాని వల్ల మరొకటి ఎలా జరిగిందో ఎక్కడా చెప్పలేదు.

తేదీల పట్టిక వేరు, కార్యకారణాల కాలరేఖ వేరు. రెండోది గీయడానికి కావలసినవి అడ్డంగా తిప్పిన ఒక తెల్లకాగితం, పెన్సిలు, నోట్సు. పెన్సిలే ఎందుకంటే బాణాల్లో కొన్నింటిని చెరపక తప్పదు.

ముందుగా కాగితం మధ్యలో గీత గీసి, తేదీ కచ్చితంగా తెలిసిన సంఘటనలను మాత్రమే దానిమీద చుక్కలుగా పెట్టుకోవాలి. 1919 మార్చిలో రౌలట్ చట్టం, ఏప్రిల్ 6న హర్తాళ్, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్, 1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక సమావేశం, డిసెంబరులో నాగపూర్, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా. ఏడు ఒక్కటే రాస్తే చాలదు, నెల కూడా ఉండాలి. రౌలట్, జలియన్‌వాలాబాగ్ రెండింటికీ 1919 అని రాసి ఊరుకుంటే ఏది ముందో ఏది వెనకో పరీక్ష హాల్లో తేలదు.

చుక్కగా పెట్టలేనివి కొన్ని ఉంటాయి. యుద్ధం వల్ల ప్రభుత్వానికి రక్షణ ఖర్చు విపరీతంగా పెరిగింది. దాన్ని పూడ్చుకోవడానికి యుద్ధ రుణాలు తెచ్చారు, సుంకాలు పెంచారు, ఆదాయపు పన్ను వేశారు. 1913కూ 1918కీ మధ్య ధరలు రెట్టింపయ్యాయి. పల్లెల్లో యువకులను బలవంతంగా సైన్యంలో చేర్చారు. 1918-19లో, మళ్లీ 1920-21లో పంటలు దెబ్బతిన్నాయి, దానికి తోడు ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఇవేవీ ఒక్కరోజులో జరిగినవి కావు. అందుకే వీటిని గీతకు పైన, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా సాగాయో తెలిసేలా పొడవాటి పట్టీలుగా గీయాలి. చుక్కలు తక్షణ కారణాలు, పట్టీలు దీర్ఘకాలిక కారణాలు. జవాబు రాసేటప్పుడు మొదటి పేరా పట్టీల నుంచి, రెండో పేరా చుక్కల నుంచి వస్తుంది.

ఇక బాణాలు. అసలు పని ఇక్కడే ఉంది. రెండు సంఘటనల మధ్య బాణం గీసిన ప్రతిసారీ దాని మీద ఒక చిన్న వాక్యం రాయాలి. ఉదాహరణకు యుద్ధం నుంచి రౌలట్ దాకా నేరుగా బాణం లాగడం కుదరదు. యుద్ధకాలంలో ప్రభుత్వానికి దక్కిన అణచివేత అధికారాలను శాంతికాలంలోనూ అట్టిపెట్టుకోవాలనుకున్నారు కాబట్టి రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా రాజకీయ ఖైదీలను రెండేళ్ల దాకా నిర్బంధించే వీలు ఆ చట్టంతో కలిగింది. ఈ రెండు వాక్యాల్లో ఒకటి బాణం మీదికి వెళుతుంది, రెండోది చుక్క కింద ఉంటుంది. బాణం మీద ఏం రాయాలో తోచకపోతే ఆ బాణం ఉండాల్సిన అవసరం లేదన్నమాట. లేకపోతే మధ్యలో ఏదో ఒక మెట్టు తప్పిపోయి ఉంటుంది.

తప్పిపోయిన మెట్టు ఎలా బయటపడుతుందో జలియన్‌వాలాబాగ్ దగ్గర చూడవచ్చు. దాదాపు ప్రతి విద్యార్థీ అక్కడి నుంచి సహాయ నిరాకరణకు ఒక లావుపాటి బాణం గీస్తాడు. నెలలు వేసి గీసిన కాగితం మీద మాత్రం ఆ బాణం చాలా పొడుగ్గా కనిపిస్తుంది. కాల్పులు 1919 ఏప్రిల్ 13న జరిగితే, గాంధీజీ సహాయ నిరాకరణకు శ్రీకారం చుట్టింది 1920 ఆగస్టు 1న. మధ్యలో దాదాపు పదహారు నెలలు. జనం ఆగ్రహమే కారణమైతే అన్నాళ్లు ఎందుకు పట్టింది?

ఆ ఖాళీలో ఏం జరిగిందో వెతికితే కథ మారిపోతుంది. దురంతం జరిగాక గాంధీజీ ఉద్యమాన్ని పెంచలేదు సరికదా, హింస వ్యాపిస్తోందని అదే నెలలో రౌలట్ సత్యాగ్రహాన్ని ఆపేశారు. ఆ డిసెంబరులో కాంగ్రెస్ సమావేశమైంది కూడా అమృత్‌సర్‌లోనే. అక్కడ కూడా గాంధీజీ మాంటేగు-చేమ్స్‌ఫర్డ్ సంస్కరణలను అమలుచేసి చూద్దామన్న వైపే ఉన్నారు. మరి 1920లో ఏం మారింది? రెండు సంగతులు ఇంచుమించు ఒకేసారి వచ్చిపడ్డాయి. టర్కీ మీద రుద్దబోతున్న సంధి షరతులు ఎంత కఠినమైనవో మే నెలలో తెలిసింది. ఖలీఫాకు జరగబోయే అన్యాయం పట్ల ముస్లింలలో ఆవేదన పెల్లుబికింది. 1919 మార్చిలోనే బొంబాయిలో ఏర్పడిన ఖిలాఫత్ కమిటీకి ఊపు వచ్చింది. హిందూ ముస్లింలను ఒకే ఉద్యమంలోకి తెచ్చే అవకాశం గాంధీజీకి ఇందులో కనిపించింది. అదే మే నెలలో పంజాబు సంఘటనల మీద హంటర్ కమిటీ నివేదిక బయటికొచ్చింది. డయ్యర్‌ను పదవి నుంచి తప్పించారు కానీ, జూలైలో బ్రిటిష్ ప్రభువుల సభ అతనికి అనుకూలంగా ఓటు వేసింది. ఒక లండన్ పత్రిక అతని కోసం 26 వేల పౌండ్లకు పైగా చందాలు పోగుచేసింది.

ఇప్పుడు ఆ ఒక్క లావుపాటి బాణాన్ని చెరిపేసి ఇలా రాసుకోవాలి:

జలియన్‌వాలాబాగ్ → దోషులకు తగిన శిక్ష పడలేదు → బ్రిటిష్ న్యాయం మీద నమ్మకం పోయింది → సహాయ నిరాకరణ

టర్కీకి కఠిన షరతులు → ఖిలాఫత్ ఆందోళన → హిందూ ముస్లిం ఐక్యతకు అవకాశం → సహాయ నిరాకరణ

పై రెండు వరసలూ ఒకే చోట కలుస్తున్నాయి. వాటిని కలిపినవాడు గాంధీజీ. బ్రిటిష్ పాలన భారతీయుల సహకారంతోనే నిలబడిందనీ, ఆ సహకారం ఆపేస్తే పాలన కూలుతుందనీ 1909లోనే “హింద్ స్వరాజ్”లో ఆయన వాదించారు. అంటే ఆలోచన ముందే సిద్ధంగా ఉంది, సందర్భం తర్వాత వచ్చింది. కాలరేఖకు ఎడమ కొసన 1909 అని ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి సన్నటి గీత 1920 దాకా లాగితే సరిపోతుంది. నా మటుకు ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన గీత అదే. మామూలుగా అది ఏ విద్యార్థి కాగితం మీదా కనిపించదు.

ఇలాంటి ఖాళీ కలకత్తా, నాగపూర్ల మధ్య కూడా ఉంది, కాకపోతే చిన్నది. సెప్టెంబరులో చాలామంది నాయకులు శాసనమండలి ఎన్నికల బహిష్కరణకు వెనకాడారు. డిసెంబరుకల్లా నాగపూర్‌లో రాజీ కుదిరింది. నడుమ నవంబరులో ఎన్నికలు జరిగిపోయాయి. బహిష్కరణ మీద తగువులాడుకోవడానికి ఇక పెద్దగా మిగల్లేదు. నెలలు రాసుకున్నవాడికే ఈ సంగతి కంటపడుతుంది.

మరో రకం తప్పు తెలుగు పిల్లలకు దగ్గరగానే ఉంటుంది. చౌరీచౌరాలో పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టి 22 మంది పోలీసులను చంపాక, 1922 ఫిబ్రవరిలో గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశారు. అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది అదే ఏడు ఆగస్టు 22న. గీత మీద రెండూ పక్కపక్కనే పడతాయి. దాంతో “ఉద్యమం ఆపేసినందుకు నిరాశతో మన్యం తిరుగుబాటు వచ్చింది” అన్న వాక్యం పుట్టుకొస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది, కానీ నిజం కాదు.

ఇలాంటి బాణాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. మొదటిది జరగకపోయినా రెండోది జరిగేదా? మొదటిదాని ప్రభావం రెండోదాని దాకా ఎవరి ద్వారా, దేని ద్వారా చేరింది? మన్యంలో గొడవకు మూలాలు ఫిబ్రవరికి చాలా ముందటివి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచే అడవి మీద గిరిజనుల హక్కులు తగ్గుతూ వచ్చాయి. పోడు వ్యవసాయానికి అడ్డంకులొచ్చాయి. పశువులను మేపనివ్వలేదు, వంటచెరకు, పళ్లు తెచ్చుకోనివ్వలేదు. పైగా రోడ్ల పనికి వెట్టిచాకిరీ. ఇదంతా కాగితం మీద ఒక పొడవాటి పట్టీ. కాబట్టి మొదటి ప్రశ్నకు “జరిగేదే” అన్న జవాబు వస్తుంది, చౌరీచౌరా నుంచి మన్యానికి బాణం నిలవదు. గాంధీజీ ఉద్యమం నుంచి మాత్రం ఒక చుక్కల గీత లాగవచ్చు. రాజు గాంధీజీని గొప్పగా చెప్పేవాడు, ఖద్దరు కట్టమనీ తాగుడు మానమనీ చెప్పాడు. స్వాతంత్ర్యం అహింసతో రాదు, బలప్రయోగంతోనే వస్తుందన్నది మాత్రం అతని సొంత అభిప్రాయం. ప్రభావం వేరు, కారణం వేరు. ఈ తేడా చూపించడానికి చుక్కల గీత చాలు.

ఫలితాలు గీత కింద ఉంటాయి. ఇక్కడా ఒక మెలిక ఉంది. విదేశీ వస్త్రాల బహిష్కరణ ఫలించింది. 1921కీ 1922కీ మధ్య దిగుమతులు సగానికి పడి, విలువలో 102 కోట్ల రూపాయల నుంచి 57 కోట్లకు దిగాయి. కానీ ఖద్దరు మిల్లు బట్ట కంటే ఖరీదు, పేదవాళ్లు ఎన్నాళ్లని కొనగలరు? బహిష్కరించిన విద్యాసంస్థల స్థానంలో స్వదేశీ సంస్థలు త్వరగా తయారుకాలేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు వెనక్కి వెళ్లారు, లాయర్లు మళ్లీ కోర్టులకెక్కారు. అంటే పట్టణాల్లో ఉద్యమం చల్లబడడానికి కారణాలు ఒకటి, దాన్ని అధికారికంగా ఆపేయడానికి కారణం మరొకటి. “ఎందుకు మందగించింది?” అని అడిగితే చౌరీచౌరా రాసేవాళ్లు, “ఎందుకు ఆపేశారు?” అని అడిగితే ఖద్దరు ధర రాసేవాళ్లు ఏటా ఉంటారు. కాగితం మీద ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు బాణాలుంటే పొరపాటుకు ఆస్కారం తక్కువ.

ఇంత గీశాక పరీక్షలో రాయాల్సింది ఇందులో కొంతే. సీబీఎస్ఈలో 5 మార్కుల దీర్ఘ సమాధానానికైతే నాలుగైదు బాణాలకే చోటు. అప్పుడు ప్రశ్నలో ఉన్న సంఘటన మీద వేలు పెట్టి, కారణాలు అడిగితే ఎడమకూ ఫలితాలు అడిగితే కుడికీ జరగాలి. వేలికి అతి దగ్గరగా ఉన్న బాణాన్ని వదలకూడదు. దూరపు పట్టీల్లో ఒక్కటి చాలు, యుద్ధకాలపు ధరలు సరిపోతాయి. బాణాల మీద రాసుకున్న చిన్న వాక్యాలే కొద్దిపాటి మార్పుతో జవాబులో వాక్యాలవుతాయి. “డయ్యర్‌కు తగిన శిక్ష పడకపోగా బ్రిటన్‌లో కొందరు అతణ్ని సమర్థించారు, దాంతో ప్రభుత్వం న్యాయం చేస్తుందన్న నమ్మకం గాంధీజీకి పోయింది” అని రాస్తే అందులో సంఘటనా ఉంటుంది, సంబంధమూ ఉంటుంది.

ఈ కాగితం పనికిరాని ప్రశ్న కూడా ఒకటుంది. “సహాయ నిరాకరణలో వివిధ వర్గాలు స్వరాజ్యాన్ని ఎలా అర్థం చేసుకున్నాయి?” అని అడిగితే తేదీలు అక్కరకు రావు. అవధ్ రైతు, మన్యం గిరిజనుడు, అస్సాం తేయాకు తోటల కూలీ ఒకే ఏడాదిలో ఒకే మాటకు మూడు అర్థాలు చెప్పుకున్నారు. రైతు తాలూక్‌దార్ల బెడద పోవాలన్నాడు. అడవి మళ్లీ తన చేతికి రావాలన్నాడు గిరిజనుడు. అనుమతి లేకుండా తోట గేటు దాటి ఊరికి వెళ్లే స్వేచ్ఛ కూలీకి కావలసింది. దీనికి కాలరేఖ వెనకపక్క మూడు గళ్ల పట్టిక వేసుకోవాలి: ఎవరు, వారి బాధ ఏమిటి, స్వరాజ్యం అంటే ఏమనుకున్నారు.