“అన్నా, కొంచెం యాక్సెస్ ఇవ్వవా?”

“అన్నా, పేమెంట్స్ డేటాబేస్‌కి యాక్సెస్ ఇవ్వవా? అర్జెంటు.” ఆఫీసు చాట్‌లో ఇలాంటి మెసేజ్ రాగానే చాలామంది ఇచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత ఆడిటర్ వచ్చి, ఎందుకిచ్చారు, ఎవరు ఒప్పుకున్నారు అంటే చెప్పేవాళ్లుండరు.

ముందు అడగాల్సింది ఒకటే: “ఏం చూడాలి తమ్ముడూ?” రెండుసార్లు డబ్బు కట్ అయిన కస్టమర్ల లావాదేవీలు సరిచూడాలట. అంటే చదివే అనుమతి చాలు, అదీ ఒక్క టేబుల్‌కే. పని ఏమిటో తేలితే సగం ప్రమాదం అక్కడే తగ్గుతుంది.

ఇక టికెట్ ఇలా రాయొచ్చు: “రెండుసార్లు కట్ అయిన చెల్లింపుల పరిశీలన. లావాదేవీల టేబుల్, చదవడానికి మాత్రమే. ఆమోదం: పేమెంట్స్ డేటా బాధ్యురాలు. గడువు: శుక్రవారం సాయంత్రం 6 వరకు.” అడిగినవాడి మేనేజర్ ఒక్కడే సరేనంటే చాలదు. ఆ డేటాకు జవాబు చెప్పాల్సిన మనిషి ఒప్పుకోవాలి.

గడువు రాసినంత మాత్రాన అనుమతి పోదు. పోస్ట్‌గ్రెస్‌లో `VALID UNTIL` పెట్టినా ముగిసేది పాస్‌వర్డే. ఇచ్చిన అనుమతులు అలాగే ఉంటాయి, అప్పటికే తెరిచిన కనెక్షనూ తెగదు. కాబట్టి అనుమతి ఇచ్చిన రోజే, శుక్రవారం `REVOKE` నడిచేలా షెడ్యూల్ చేసి పెట్టాలి. ఆ సాయంత్రం అతను టేబుల్ తెరవబోతే `permission denied` రావాలి. అప్పుడే టికెట్ మూసేయాలి.