ద్రవ్యోల్బణం - నగదు పొదుపు

ద్రవ్యోల్బణం అనగా వస్తువుల, సేవల ధరల సాధారణ స్థాయి కాలక్రమేణా పెరుగుట. ధరలు పెరిగినప్పుడు అదే రూపాయితో కొనగలిగే సరుకు తగ్గుతుంది. దీనినే రూపాయి కొనుగోలు శక్తి క్షీణించుట అంటారు. ఇంట్లో దాచిన నోట్ల సంఖ్యలో ఏ మార్పూ కనిపించదు కాబట్టి ఈ నష్టం చాలా కాలం వరకు దాచినవారి దృష్టికి రాదు. పంట అమ్మిన సొమ్ము ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే చేతికి వచ్చే గుంటూరు జిల్లా కొల్లిపర మండలం వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. పసుపు, అరటి, కంద వంటి పంటలపై వచ్చిన మొత్తం తదుపరి పంట వరకు ఇంటి ఖర్చుకు సరిపోవాలి. పిల్లల చదువు, పెళ్ళి వంటి దూరపు అవసరాలకు మిగలవలసిందీ అందులోనే.

## ధరల పెరుగుదల కొలత

ధరల పెరుగుదలను వినియోగదారుల ధరల సూచీ ద్వారా కొలుస్తారు. ఒక సాధారణ కుటుంబం వాడే బియ్యం, పప్పు, నూనె, బట్టలు, ఇంటి అద్దె, వైద్యం, ప్రయాణం మొదలైన వాటిని ఒక బుట్టగా భావించి, ఆ బుట్ట ఖరీదును ఒక ఆధార సంవత్సరంలో 100గా తీసుకుంటారు. తరువాతి కాలంలో అదే బుట్ట ఖరీదు ఎంతయిందో సూచీ తెలుపుతుంది.

కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కొరకు ఇటువంటి సూచీని ప్రతి నెల ప్రకటిస్తుంది. ఇందుకు ధరలు సేకరించే కేంద్రాలలో గుంటూరు ఒకటి. 2001 ఆధార సంవత్సరంగా ఉన్న సూచీ స్థానంలో 2016 ఆధార సంవత్సరంగా కొత్త సూచీ వచ్చినప్పుడు, రెండింటినీ కలిపే అఖిల భారత గుణకాన్ని 2.88గా నిర్ణయించారు. అనగా 2001లో 100 రూపాయలకు వచ్చిన బుట్ట 2016 నాటికి 288 రూపాయలు అయినది. సగటున ఏడాదికి సుమారు 7.3 శాతం పెరుగుదల. 2024 డిసెంబరు నాటికి కొత్త సూచీ 143.7కు చేరింది. దీనిని 2.88తో హెచ్చిస్తే, 2001 నాటి ధరలు 4.14 రెట్లు అయినట్లు తెలుస్తుంది.

## ఒక ఉదాహరణ

2001లో ఒక రైతు దుగ్గిరాల మార్కెట్లో పసుపు అమ్మగా ఖర్చులు పోను లక్ష రూపాయలు మిగిలాయనుకుందాం. కుమార్తె పెళ్ళి కోసం ఆ సొమ్మును పదిహేనేళ్ళు ఇనుప పెట్టెలో దాచాడు. 2016లో పెట్టె తెరిస్తే లక్ష రూపాయలూ అలాగే ఉంటాయి. కాని 2001లో లక్షకు వచ్చిన సరుకు కొనడానికి ఇప్పుడు 2,88,000 కావాలి. ఆ లక్షకు 2001 నాటి లెక్కలో 34,700 రూపాయల విలువ మాత్రమే మిగిలింది.

అదే సొమ్మును బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో కదపకుండా ఉంచితే ఏమయ్యేది? ఆ ఖాతాల వడ్డీ 2003 మార్చి వరకు 4 శాతం, అప్పటి నుండి 2011 మే వరకు 3.5 శాతం, ఆపైన ప్రధాన బ్యాంకులలో సుమారు 4 శాతం. ఈ లెక్కన 2016 నాటికి ఖాతాలో దాదాపు 1,73,000 రూపాయలు ఉంటాయి. పాస్‌బుక్ చూస్తే 73 వేలు లాభం వచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ మొత్తంతో 2001లో 60 వేలకు వచ్చిన సరుకే వస్తుంది. వడ్డీ నష్టాన్ని తగ్గించినది గాని, ఆపలేదు.

## నిజ వడ్డీ

వడ్డీ రేటు నుండి ద్రవ్యోల్బణం రేటు తీసివేయగా మిగిలినది, స్థూలంగా, నిజ వడ్డీ. పొదుపు పెరుగుతున్నదా, కరుగుతున్నదా అని చెప్పేది ఇదే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై 7 శాతం వడ్డీ వస్తూ ధరలు 5 శాతం పెరుగుతుంటే నిజ వడ్డీ సుమారు 2 శాతం. ఇక్కడ రైతులు తరచుగా మరచే అంశం ఒకటి ఉన్నది. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కాని ఆ ఆదాయాన్ని డిపాజిట్ చేయగా వచ్చిన వడ్డీ వ్యవసాయ ఆదాయం కాదు, దానిపై పన్ను వర్తిస్తుంది. 20 శాతం పన్ను చెల్లించేవారికి 7 శాతంలో 5.6 శాతమే మిగులుతుంది. అప్పుడు నిజ వడ్డీ సుమారు అర శాతానికి పడిపోతుంది.

ద్రవ్యోల్బణం రేటు తగ్గితే ధరలు వెనక్కి వస్తాయనుకోవడం మరొక అపోహ. 2025 అక్టోబరులో దేశంలో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. అంటే ధరలు దాదాపు పెరగలేదని మాత్రమే అర్థం. అంతకు ముందు సంవత్సరాలలో పెరిగిన ధరలు అలాగే ఉన్నాయి. అప్పటికే కరిగిపోయిన నగదు విలువ తిరిగి రాదు.

## దీర్ఘకాలిక లక్ష్యాల ప్రణాళిక

దూరపు అవసరానికి పొదుపు చేసేటప్పుడు మొదటి మెట్టు, నేటి ఖర్చును ఆనాటి ఖర్చుగా మార్చుకోవడం. 72ను ద్రవ్యోల్బణం రేటుతో భాగిస్తే ధరలు ఎన్నేళ్ళలో రెట్టింపవుతాయో సుమారుగా తెలుస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్ళు.

ఒక చదువుకు నేడు 5 లక్షలు అవుతున్నదని, అది 15 ఏళ్ళ తరువాత కావాలని అనుకుందాం. ఏటా 6 శాతం పెరిగితే ఆనాటికి దాదాపు 12 లక్షలు కావాలి. 5 లక్షలను 15తో భాగించి, పంట చేతికి వచ్చినప్పుడల్లా ఏటా 33,333 రూపాయలు ఇంట్లో దాచిన కుటుంబం వద్ద చివరికి 5 లక్షలే ఉంటాయి. అనగా అవసరంలో సగం కూడా తీరదు. ఆ సొమ్మునే ఏటా 7 శాతం వడ్డీకి ఉంచితే 8,38,000 అవుతుంది. ఇంకా 3,60,000 తక్కువ.

లోపం వడ్డీలోనే లేదు. పదిహేనో ఏట దాచిన 33,333 రూపాయలు మొదటి ఏట దాచిన 33,333తో సమానం కావు. అందుచేత పొదుపు మొత్తాన్ని కూడా ధరలతో పాటు పెంచాలి. మొదటి ఏట 33,333తో ప్రారంభించి ఏటా 6 శాతం చొప్పున పెంచితే, అదే 7 శాతం వడ్డీతో 15 ఏళ్ళకు సుమారు 12,08,000 చేరి లక్ష్యం నెరవేరుతుంది. చివరి ఏట దాచవలసినది 75 వేలకు పైగా ఉంటుంది. పన్ను వర్తించేవారు ఇంకా ఎక్కువ దాచాలి.

## పరిమితులు

ఈ లెక్కలో ఆదాయం కూడా ధరలతో పాటు పెరుగుతుందనే ఊహ ఉన్నది. పంట ధరలు ఈ ఊహకు లొంగవు. 2010లో బాగా పెరిగిన పసుపు ధర తరువాతి రెండేళ్ళలో సగానికంటే తక్కువకు పడిపోయింది. కనుక మంచి ధర వచ్చిన ఏడాది ఎక్కువ దాచి, ధర లేని ఏటి లోటును పూడ్చుకోవలసి ఉంటుంది.

సూచీలోని బుట్ట అందరి బుట్ట కాదు. సొంత పొలం బియ్యం తినే కుటుంబానికి ఆహార ధరల పెరుగుదల కొంత తక్కువగా తగులుతుంది. చదువు, వైద్యం ఖర్చులు సూచీ కంటే వేగంగా పెరిగితే మాత్రం వారి లక్ష్యం లెక్క తప్పుతుంది. అందువలన రెండు మూడేళ్ళకొకసారి ఆ చదువు ఖర్చు అప్పటికి ఎంతయిందో విచారించి లెక్కను సరిచూడాలి. అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగి ఉంటే, ఏటా దాచే మొత్తాన్ని అప్పుడే పెంచవచ్చు.

ఇంట్లో నగదు ఉంచుకోవడం ఎల్లప్పుడూ తప్పు కాదు. కూలీలకు, ఎరువులకు, ఆకస్మిక వైద్యానికి అది అవసరం. 6 శాతం ద్రవ్యోల్బణంలో 50 వేల రూపాయలను ఆరు నెలలు ఉంచితే పోయేది సుమారు 1,400 రూపాయల విలువ. చేతిలో డబ్బు ఉన్నందుకు ఇది భరించదగిన వెల. పదిహేనేళ్ళు ఉంచితే అదే 50 వేలలో సగానికి పైగా విలువ పోతుంది.