‘ఎక్సెప్ట్’ ప్రశ్న: పేరాలో లేనిదాన్ని పట్టుకోవడం ఎలా?

చెన్నై కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఒకటుంది. బ్యాంకు పరీక్షలకో, క్యాట్‌కో తయారయ్యేవాళ్లు పొద్దున్నుంచే అక్కడ కుర్చీలు పట్టుకుంటారు. వాళ్లలో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లలూ ఉంటారు. ఇంగ్లీషు రీడింగ్ కాంప్రహెన్షన్‌లో పేరా చక్కగా అర్థమైన వాళ్లు కూడా ‘కిందివన్నీ నిజమే, ఒక్కటి తప్ప’, ‘పేరాలో ప్రస్తావించనిది ఏది’ అన్న ప్రశ్నల దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. ఆ ప్రశ్నల గురించి నోటి మాటగా తిరిగే నమ్మకాలే ఇందుకు చాలావరకు కారణం.

వాటిని పరీక్షించడానికి ఒక చిన్న పేరా తీసుకుందాం. చెన్నైవాసులకూ రాయలసీమ, నెల్లూరు వాళ్లకూ తెలిసిన తెలుగుగంగ గురించే రాశాను. పరీక్షలో పేరా ఇంగ్లీషులో ఉన్నా పద్ధతి ఇదే.

“చెన్నై తాగునీటి కోసం కృష్ణానదిలోని తమ వాటా నుంచి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరయ్యేది, ఇంకిపోయేది తీసేస్తే నగరానికి 12 టీఎంసీలు చేరాలని లెక్క వేశారు. శ్రీశైలం నుంచి బయల్దేరిన నీరు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా పూండి జలాశయానికి చేరుతుంది. కండలేరు నుంచి పూండికి వచ్చే కాలువ గట్లు కోసుకుపోయి చాలా నీరు వృథా అయ్యేది. శ్రీ సత్యసాయి ట్రస్టు నిధులతో కాలువను బాగుచేశాక పరిస్థితి మెరుగుపడింది.”

ప్రశ్న: పై పేరాలో దేని ప్రస్తావన లేదు?

అ) చెన్నై కోసం ఒకటికి మించిన రాష్ట్రాలు తమ నీటిలో కొంత వదులుకోవడం
ఆ) దారిలో కొంత నీరు నష్టమవుతుందన్న అంచనా
ఇ) ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో కుదిరిన ఒప్పందం
ఈ) కాలువ మరమ్మతుకు ప్రభుత్వేతర సంస్థ చేసిన సాయం

అపోహ: ఇలాంటి ప్రశ్నకు జవాబు అబద్ధమైన వాక్యమే అయి ఉంటుంది.

పై ప్రశ్నకు జవాబు ‘ఇ’. అందులో అబద్ధం ఏమీ లేదు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య ఆ ఒప్పందం నిజంగానే కుదిరింది. తెలుగుగంగ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేదీ ఆ ఇద్దరి పేర్లే. అందుకే ఆ విషయం తెలిసినవాడు ‘ఇ’ని చూడగానే “ఇది నిజమే కదా” అని కొట్టేసి, తక్కిన మూడింటిలో తప్పు వెతకడం మొదలుపెడతాడు. ‘ప్రస్తావన లేనిది’ అని అడిగినప్పుడు ఆ మాట లోకంలో నిజమా కాదా అన్నది లెక్కలోకి రాదు. పేరాలో ఉందా లేదా అన్నదొక్కటే చూడాలి. బాగా తెలిసిన విషయం మీద పేరా వచ్చినప్పుడే మరింత జాగ్రత్త అవసరం. ముందే చదివిన సంగతిని పేరాలో చదివినట్టు మనసు కలిపేసుకుంటుంది.

‘పేరా ప్రకారం అన్నీ నిజమే, ఒక్కటి తప్ప’ అని అడిగితే మాత్రం జవాబు రెండు రకాలుగా ఉండవచ్చు. పేరా చెప్పినదానికి విరుద్ధమైన మాటైనా కావచ్చు, పేరా అసలు ఎత్తని సంగతైనా కావచ్చు.

అపోహ: పేరాలోని మాటలే కనిపిస్తే ఆ ఆప్షన్ పేరాలో ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు.

ఎక్కువమందిని పడగొట్టేది ఇదే. ‘ఈ’ ఆప్షన్ చూడండి. ‘ప్రభుత్వేతర సంస్థ’ అన్న మాట పేరాలో ఎక్కడా లేదు. కానీ ట్రస్టు ప్రభుత్వేతర సంస్థే, నిధులు ఇవ్వడం సాయమే, బాగుచేయడం మరమ్మతే. మూడు మాటలూ మారినా విషయం పేరాలోనే ఉంది. ప్రశ్న తయారుచేసేవాళ్లు పేరాలో ఉన్న సంగతులను ఇలా వేరే మాటల్లో చెబుతారు. పైపైన చూసేవాడు దాన్నే ‘లేనిది’ అనుకుంటాడు.

దీనికి ఎదురు రకమూ ఉంది. “శ్రీశైలం నుంచి వచ్చిన నీరు సోమశిల, పూండి మీదుగా కండలేరు చేరుతుంది” అని ఒక ఆప్షన్ ఇచ్చారనుకుందాం. ఇందులో ఉన్న నాలుగు ఊర్ల పేర్లూ పేరాలో ఉన్నవే. చూపు పేర్ల మీదుగా జారిపోతే టిక్కు పెట్టేస్తాం. కానీ వరుస తలకిందులైంది. పేరాలో నీరు కండలేరు దాటాకే పూండి చేరుతుంది. “నగరానికి 15 టీఎంసీలు చేరాలని లెక్క” అన్నా అంతే. మూడు రాష్ట్రాలు, తలా 5 అనగానే 15 మన తలలో తయారైపోతుంది. అయితే ఆ 15 ఇవ్వాల్సిన నీరు, పేరా చెప్పిన చేరాల్సిన నీరు 12.

కాబట్టి పోల్చాల్సింది మాటల్ని కాదు. ఎవరు, ఏం చేశారు, ఎంత, ఏ వైపు అన్నవాటిని పోల్చాలి. ఒక్కో ఆప్షన్ దగ్గర ఆగి, దాన్ని నిలబెట్టే వాక్యం ఏదో పేరాలో చూపించగలగాలి. రఫ్ కాగితం మీద అ, ఆ, ఇ, ఈ అని రాసుకుని, ఆధారం దొరికినదాని పక్కన వాక్యం నంబరు వేసుకోవాలి. పై ప్రశ్నలో ‘అ’ పక్కన 1, ‘ఆ’ పక్కన 2, ‘ఈ’ పక్కన 5 పడతాయి. ‘ఇ’ పక్కన ఏమీ పడదు. నంబరు వేయలేక “ఎక్కడో చదివినట్టుంది” అనిపిస్తే ఆ ఆప్షన్ ఇంకా తేలలేదని అర్థం.

అపోహ: జవాబు దొరకగానే మిగతావి చూడనక్కర్లేదు.

మామూలు ప్రశ్నలో ఇది చెల్లుతుంది. అక్కడ ఒక్క ఆప్షన్‌కు ఆధారం దొరికితే పని అయిపోయినట్టే. ఇక్కడ మనం వెతికేది లేనిదాన్ని. లేనిదానికి ఆధారం పేరాలో దొరకదు. మిగతా మూడింటికీ ఆధారం దొరికినప్పుడే నాలుగోది లేదని నమ్మకంగా చెప్పగలం. పై నుంచి చదువుతూ ‘ఆ’ దగ్గర “నష్టం అన్న మాట లేదే” అని ఆగిపోయినవాడు ‘ఇ’ దాకా రాడు.

ఇంకో పొరపాటు అలవాటు వల్ల జరుగుతుంది. వరసగా నాలుగైదు మామూలు ప్రశ్నలు చేశాక ‘తప్ప’ ప్రశ్న వస్తుంది. మొదటి నిజమైన ఆప్షన్ కనపడగానే చెయ్యి దాన్నే నొక్కేస్తుంది. రఫ్ కాగితం మీద ముందుగా ‘లేనిది’ అని పెద్దగా రాసుకుంటే ఆ తప్పు చాలావరకు ఆగుతుంది.

నాలుగింటికీ ఆధారం దొరికితే, ఎక్కడో సగం ఆప్షనే చదివారన్నమాట. రెండు ముక్కలున్న ఆప్షన్‌ను మళ్లీ చూడండి. ఒక ముక్క పేరాలో ఉండి, రెండోది లేకపోవచ్చు. రెండింటికి ఆధారం దొరక్కపోతే, ‘మాత్రమే’, ‘అన్నీ’, ‘మొదటిసారి’ లాంటి చిన్న మాటలను పట్టి చూసి, ఆ రెంటిలో ఏది పేరాలో వేరే మాటల్లో దాగి ఉందో వెతకాలి.

అపోహ: వీటికి టైం పడుతుంది, వదిలేయడమే మేలు.

టైం ఎక్కువ పట్టే మాట నిజం. ఒక్క ప్రశ్నలో నాలుగు చిన్న ప్రశ్నలు ఉన్నట్టే. అయినా పేరా చదవడానికి ఖర్చుపెట్టిన సమయం ఎలాగూ తిరిగి రాదు. క్యాట్‌లో సరైన జవాబుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు జవాబు పెడితే ఒక మార్కు కోత. కాబట్టి వదిలేయకుండా, తొందరపడకుండా, ఆ పేరాలోని మామూలు ప్రశ్నలు ముందు చేసేసి, దీన్ని చివరకు ఉంచుకోవడం మంచిది. అప్పటికి ఏ సంగతి పేరాలో ఎక్కడ ఉందో కళ్లకు అలవాటై ఉంటుంది, వెతుకులాట తగ్గుతుంది.

ఈ నంబరు వేసే పద్ధతికి ఒక హద్దు ఉంది. క్యాట్‌లో తరచూ ‘పేరా నుంచి కిందివన్నీ ఊహించవచ్చు, ఒక్కటి తప్ప’ అని అడుగుతారు. అక్కడ సరైన ఊహలు కూడా పేరాలో రాసి ఉండవు. “ఒప్పందం కుదిరినంత మాత్రాన అనుకున్న నీరంతా నగరానికి చేరలేదు” అన్న వాక్యం మన పేరాలో లేదు. అయినా గట్లు కోసుకుపోయి చాలా నీరు వృథా అయ్యేదన్న నాలుగో వాక్యం నుంచి ఆ మాటకు రావచ్చు. “మరమ్మతు తర్వాత చెన్నై నీటి కొరత తీరిపోయింది” అన్న మాటకు మాత్రం రాలేం. పరిస్థితి మెరుగుపడిందనే పేరా చెప్పింది, కొరత ఊసే ఎత్తలేదు. ఇలాంటి ప్రశ్నలో ఆప్షన్ పక్కన నంబరు వేసి ఊరుకుంటే చాలదు. ఆ వాక్యం నిజమైతే ఈ ఆప్షన్ కూడా నిజం కాక తప్పదా అని అడిగి, తప్పదు అనిపించినప్పుడే దాన్ని కొట్టేయాలి.