నాన్నగారి ఎఫ్‌డీ ఉత్తరంలో నాయనమ్మ సంతకం

తండ్రి పోయాక ఆయన పేరున ఉన్న ఎఫ్‌డీ తీసుకోవడానికి పెద్దకొడుకు సంతకం చాలని మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. నామినీ లేని డిపాజిట్ విషయంలో ఆ నమ్మకంతో రాసిన ఉత్తరం వెనక్కే వస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. రాజమండ్రి బ్రాంచిలో నాన్నగారి పేరున ఆరు లక్షలు ఉంది. నామినీ లేరు, వీలునామా లేదు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, తణుకులో కాపురముంటున్న కూతురు, ఊళ్లో ముసలి తల్లి ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇది అయిదు సమాన వాటాలు, తలా లక్షా ఇరవై వేలు. కట్నం ఇచ్చి పంపేశామన్న మాట ఇక్కడ చెల్లదు. అందరూ మరిచిపోయేది నాయనమ్మను. కొడుకు ఆస్తిలో తల్లి మొదటి తరగతి వారసురాలు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ఆవిడ పేరు లేకపోయినా ఆ హక్కు పోదు. కాబట్టి ఉత్తరంలో ఆవిడను తప్పక చేర్చాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వాటాల లెక్క వేరు.

ఉత్తరం ఇలా సాగితే చాలు:

"మేనేజరుగారికి, మా తండ్రిగారు ఫలానా తేదీన కాలం చేశారు. వారి ఫలానా నంబరు ఎఫ్‌డీకి నామినీ లేరు. వారి వారసులం మేం అయిదుగురమే. అసలు, వడ్డీ మా అయిదుగురి ఖాతాల్లో సమానంగా జమచేయగలరు. మరణ ధ్రువపత్రం, ఎఫ్‌డీ బాండు, క్లెయిమ్ ఫారం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మా ఆధార్ నకళ్లు, అందరం సంతకం చేసిన ఇండెమ్నిటీ బాండు జతపరిచాం."

వాటా వద్దనుకున్నవారు విడిగా నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఆడపడుచు చేత "ఊరికే ఓ సంతకం" అంటూ పెట్టించేది ఈ కాగితం మీదే. వాటా కావాలనుకునే మనిషి దానిమీద సంతకం చేయకూడదు, క్లెయిమ్ ఫారంలోనే చేయాలి.

కాగితాలు ఆగేది ఎక్కువగా పేర్ల దగ్గర. బాండు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, మరణ ధ్రువపత్రంలో పూర్తిగా ఉంటే, రెండూ ఒకరివేనని అఫిడవిట్ జతచేయండి.

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా, వివాదం లేకపోతే, కోర్టు వారసత్వ సర్టిఫికెట్ అడగకూడదు. సహకార బ్యాంకుల్లో ఈ పరిమితి 5 లక్షలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో పరిష్కరించాలి. అందుకే ఉత్తరం రెండో ప్రతి మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి.

ఏటి సూతకం వెళ్లేదాకా డబ్బు కాగితాలు ముట్టకూడదని ఆగేవారిని చూస్తే బాధేస్తుంది. గడువు తీరాక డిపాజిట్ మీద అప్పటిదాకా వచ్చిన రేటున వడ్డీ రాకపోవచ్చు. ఆ తేడా నష్టపోయేవారిలో పసుపుకుంకుమలు పోయి ఇంట్లో కూర్చున్న అమ్మ కూడా ఉంటుంది.