తేనెటీగల నాట్యభాష, తేనె పాకం

వేసవి మొదట్లో కానుగ పూసినప్పుడు పావగడ ప్రాంతంలో ఒక వింత కనిపిస్తుంది. ముందు రోజు ఒకటి రెండు తేనెటీగలు మాత్రమే వచ్చిపోయిన చెట్టు మీద మరునాడు పొద్దెక్కకముందే వందలకొద్దీ ఈగలు ముసురుతాయి. వాటిలో అధిక భాగం అంతకుముందు ఆ చెట్టును చూసినవి కావు. చెట్టు ఏ దిక్కున ఉన్నదో, ఎంత దూరాన ఉన్నదో వాటికి పట్టులోనే తెలిసింది. తెలిపినది ముందుగా వెళ్ళి వచ్చిన ఈగ. అది తెలిపిన విధానం నాట్యం.

ఆస్ట్రియా దేశీయుడైన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడు చక్కెర నీటి గిన్నెలు పెట్టి, వాటి వద్దకు వచ్చిన ఈగల వీపులపై రంగుచుక్కలు గుర్తుగా వేసి, గాజుపలక గల పెట్టెలో వాటి నడతను సంవత్సరాల తరబడి పరిశీలించాడు. నాట్యానికి అర్థం ఉన్నదని నిరూపించినది ఆయనే. ఆ కృషికి 1973లో మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మన ప్రాంతాలలో పట్టు పెట్టే తేనెటీగలు ముఖ్యంగా మూడు జాతులు. ఎత్తైన చెట్లకు, బండల చరియలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగను కన్నడంలో హెజ్జేను అంటారు. పొదలలో సన్నని కొమ్మకు అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ కోలుజేను. చెట్టు తొర్రలలో, పుట్టలలో పలు పట్లు వరుసగా కట్టే తొర్ర తేనెటీగ తుడువెజేను. తమిళులు దీనిని అడుక్కుత్తేనీ అంటారు. పెట్టెలలో పెంచడానికి మన జాతులలో లొంగేది ఈ తొర్ర తేనెటీగ ఒక్కటే. పెట్టెలలో కనిపించే మరొక రకం ఐరోపా నుండి తెచ్చినది.

తొర్ర తేనెటీగ పట్టు చీకటిలో నిలువుగా వేలాడుతూ ఉంటుంది. పూలు చూసి వచ్చిన ఈగ ఆ పట్టు మీద కడుపును అటూ ఇటూ వేగంగా ఊపుతూ, రెక్కలతో రొద చేస్తూ కొంత దూరం తిన్నగా నడుస్తుంది. తరువాత ఊపు ఆపి కుడివైపు చుట్టి మొదలు పెట్టిన చోటికి వస్తుంది. మళ్ళీ అదే గీత మీద ఊగుతూ నడిచి, ఈసారి ఎడమవైపు చుట్టి వస్తుంది. చూడటానికి ఇది తెలుగు అంకె 8 కాక, మనం వాడే 8 అంకె వలె ఉంటుంది. ఇందులో సమాచారం ఉన్నది నడుమనున్న ఊగుడు నడకలోనే. వెనుక చేరిన ఈగలు చీకటిలో దానిని చూడలేవు గనుక, మీసాలతో తాకుతూ, రెక్కల కదలికను గ్రహిస్తూ వెంబడిస్తాయి. నాట్యం చేసే ఈగ అప్పుడప్పుడు ఆగి తాను తెచ్చిన మకరందం రుచి చూపుతుంది. దాని ఒంటికి అంటిన పూలవాసన కూడా వాటికి గుర్తే.

దిక్కు తెలిపే పద్ధతి ఇది. నిలువు పట్టు మీద పైకి అనేది సూర్యుడున్న దిక్కుకు బదులుగా నిలుస్తుంది. ఈగ నేరుగా పైకి నడిచినదంటే సూర్యుడున్న దిక్కుకే పొమ్మని అర్థం. నేరుగా కిందికి నడిస్తే సూర్యునికి వీపు పెట్టి పొమ్మని. నిలువు గీతకు కుడివైపు 40 డిగ్రీలు వాలి నడిస్తే సూర్యుని దిక్కుకు కుడివైపు 40 డిగ్రీలు తిరిగి పొమ్మని.

ఒక ఉదాహరణ తీసుకొందాము. పావగడ సమీపంలో ఒక పెట్టె ఉన్నది, దానికి సరిగ్గా ఉత్తరాన కానుగ చెట్లు ఉన్నాయి. ఏప్రిల్ నెల ఉదయం 8 గంటలకు సూర్యుడు దాదాపు తూర్పున ఉంటాడు. తూర్పుకు తిరిగి నిలిచినవారికి ఉత్తరం ఎడమచేతి వైపు. కనుక ఈగ పట్టు మీద నిలువు గీతకు ఎడమవైపు అడ్డంగా నడుస్తుంది. సాయంత్రం 4 గంటలకు సూర్యుడు పడమట ఉంటాడు. చెట్లు కదలలేదు, అయినా అవే చెట్ల కొరకు ఈగ ఇప్పుడు కుడివైపు అడ్డంగా నడుస్తుంది. పెట్టె లోపల సూర్యుడు కనిపించడు. పొద్దు కదలికను ఈగ తనలోని గడియారంతో లెక్కించుకొంటుంది. మబ్బు పట్టిన రోజున ఎక్కడైనా ఒక నీలి తునక కనిపించినా చాలును, అక్కడి వెలుతురు తీరును బట్టి సూర్యుని స్థానం గ్రహిస్తుంది.

ఈ ఏర్పాటుకు ఒక చిక్కు ఉన్నది, అది మన అక్షాంశాలకు చెందినదే. పావగడ వంటి చోట్ల ఏప్రిల్ చివరి రోజులలోను, మళ్ళీ ఆగస్టు నడుమను, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నడినెత్తిన ఉన్న సూర్యునికి దిక్కు ఏమిటి? ఫాన్ ఫ్రిష్ శిష్యుడు మార్టిన్ లిండావర్ శ్రీలంకలో ఇటువంటి సమయాన్నే ఎంచుకొని పరిశీలించాడు. ఆ కొద్ది నిమిషాలు ఈగల నాట్యం తడబడినది. పొద్దు కాస్త వాలిన తరువాత తిరిగి కుదుటపడినది.

చిన్న తేనెటీగకు ఈ తర్జుమా అక్కరలేదు. దాని పట్టు కొమ్మను పైనుండి చుట్టుకొని ఉంటుంది. ఆ పైభాగపు చదునులో, ఆకాశం కనబడుతూ ఉండగా, పూలున్న దిక్కుకే నేరుగా నడిచి చూపుతుంది.

ఇక దూరం. ఊగుడు నడక ఎంతసేపు సాగితే పూలు అంత దూరం. ఐరోపా తేనెటీగకు సుమారు ఒక సెకను ఊగుడు ఒక కిలోమీటరుకు గుర్తు. కాని ఈగ దూరాన్ని కొలిచేది అలసటతో కాదు, కంటితో. ఎగురుతున్నప్పుడు ఇరువైపుల నేల, చెట్లు వెనుకకు పరుగెత్తినట్లు కనిపించడాన్ని బట్టి లెక్క కడుతుంది. బెంగుళూరులో చదువుకొని ఆస్ట్రేలియాలో పరిశోధన సాగించిన ఎం.వి. శ్రీనివాసన్, ఆయన సహచరులు దీనిని 2000 సంవత్సరంలో చక్కగా నిరూపించారు. దట్టమైన గళ్ళ నమూనా అంటించిన ఇరుకు గొట్టంలో కొద్ది మీటర్లు మాత్రమే ఎగిరి వచ్చిన ఈగలు, దాదాపు 200 మీటర్లు పోయి వచ్చినట్లు నాట్యం చేసినవి. గోడలు మరీ దగ్గరగా ఉండి, గళ్ళు వేగంగా వెనుకకు జరిగినట్లు కనిపించడమే అందుకు కారణం.

రెండు భాషల నడుమ బ్రతికే సరిహద్దు గ్రామాలవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. ఈగలలోనూ మాండలికాలున్నాయి. బెంగుళూరు ప్రాంతంలో మన మూడు జాతులనూ పోల్చి చూసిన పరిశోధన 2020లో వెలువడింది. ఒకే దూరానికి తొర్ర తేనెటీగ అందరికంటె ఎక్కువసేపు ఊగుతుంది, కొండ తేనెటీగ అందరికంటె తక్కువసేపు, చిన్న తేనెటీగ నడుమన. మేతకు అతి సమీపంలో తిరిగేది తొర్ర తేనెటీగ, దూరం పోయేది కొండ తేనెటీగ. దగ్గరలోనే తిరిగేవాడు ప్రతి ఫర్లాంగునూ సాగదీసి చెప్పినా చెల్లుతుంది. దూరాలు తిరిగేవాడు అలా చెప్పితే నాట్యం ముగియదు. 2008లో చైనాలో ఆసియా, ఐరోపా ఈగలను ఒకే పెట్టెలో కలిపి ఉంచి చూసినప్పుడు, ఆసియా ఈగలు ఐరోపా ఈగల నాట్యాన్ని అనుసరించి సరియైన చోటికి చేరుకోగలవని తేలింది.

అయితే నాట్యం గురితప్పని బాణం కాదు. ఒకే ఈగ వరుసగా చేసే నడకలలోనే కోణం కొంత మారుతూ ఉంటుంది. వెంబడించే ఈగ పలు నడకలను సరాసరి చేసుకొని బయలుదేరుతుంది, ఆ పరిసరాలకు చేరిన తరువాత వాసనతో వెదకుతుంది. మొదటిసారి దొరకక వెనుతిరిగి, మళ్ళీ నాట్యం అనుసరించి పోయే ఈగలు అనేకం. ఈ విద్య పూర్తిగా పుట్టుకతో వచ్చేదీ కాదు. పెద్ద ఈగల నాట్యం ఎన్నడూ అనుసరించని పిల్ల ఈగలు ఎక్కువ తప్పులు చేస్తాయని 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది. దిక్కు చెప్పడంలోని తప్పులను అవి అనుభవంతో దిద్దుకొన్నాయి. దూరంలోని తప్పు మాత్రం నిలిచిపోయింది.

మకరందం తెచ్చిన ఈగ దానిని తానే గదిలో పోయదు. పట్టులో పని చేసే ఇంటి ఈగను వెదకి నోటికి నోరు చేర్చి అందిస్తుంది. అందుకొనే ఈగ దొరకడానికి పట్టిన సమయమే దానికి కొలమానం. అమెరికాలో థామస్ సీలీ కనుగొన్నది ఇది. 20 సెకన్లలోపు ఇంటి ఈగ దొరికితే, లోపల చేతులు ఖాళీగా ఉన్నాయని తలచి, వచ్చిన ఈగ ఊగుడు నాట్యం చేసి మరికొందరిని పూలకు పంపుతుంది. 50 సెకన్లు దాటినా దొరకకపోతే, లోపల పని పేరుకున్నదని గ్రహించి, ఒళ్ళు వణికిస్తూ పట్టంతా తిరుగుతుంది. అది మరిన్ని ఈగలను మకరందం అందుకొనే పనికి పిలిచే సంకేతం. కోతకూలీలు ఎక్కువై కళ్ళంలో మనుషులు చాలనప్పుడు రైతు చేసే సర్దుబాటు వంటిదే ఇది. అజమాయిషీ చేసేవారు మాత్రం ఎవరూ లేరు, రాణి ఈగతో సహా.

మకరందం అంటే తేనె కాదు, పలుచని తీపినీరు. పూల జాతిని బట్టి, గాలిలోని తేమను బట్టి అందులో చక్కెర పాలు మారుతూ ఉంటుంది. వందకు 30 పాళ్ళు చక్కెర ఉన్నదనుకొని లెక్క వేద్దాము. పక్వమైన తేనెలో వందకు సుమారు 80 పాళ్ళు చక్కెరలే. ఒక కిలో తేనెలో 800 గ్రాముల చక్కెర ఉండాలంటే, దాదాపు 2 కిలోల 670 గ్రాముల మకరందం కావాలి. అందులో నుండి ఒక లీటరు 670 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావాలి. ఈగ ఒక్కసారికి 30 మిల్లీగ్రాములు మోసినదనుకొంటే, ఆ కిలో తేనె కోసం సుమారు 89,000 ప్రయాణాలు.

ఈ నీటిని పోగొట్టే పని పొయ్యి లేకుండా జరుగుతుంది. ఇంటి ఈగ మకరందపు బొట్టును నాలుక మీదికి తెచ్చి పలుచగా పరచి, మళ్ళీ లోపలికి తీసుకొంటుంది. ఇలా పదే పదే చేసి, చిక్కబడుతున్న ద్రవాన్ని గది గోడలకు పలుచగా అంటిస్తుంది. వందలాది ఈగలు రెక్కలు ఆడిస్తూ తేమ గాలిని బయటికి తోస్తాయి. పూలు బాగా పూసిన రోజులలో రాత్రివేళ పెట్టె దగ్గర చెవి పెడితే ఆ హోరు వినవచ్చును. ఇదే సమయంలో ఈగ నోటి గ్రంథుల నుండి చేరిన పదార్థాలు రెండు మార్పులు తెస్తాయి. ఒకటి, మామూలు చక్కెరను విడగొట్టి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా చేస్తుంది. మరొకటి, గ్లూకోజులో కొంత భాగాన్ని ఆమ్లంగా మారుస్తుంది. తేనెలోని కొద్దిపాటి పులుపు దాని వలననే. తేమ తగినంత తగ్గిన తరువాత ఈగలు గదికి మైనపు మూత వేస్తాయి.

ఆ మూతను లెక్కచేయకపోవడం వలననే మన గ్రామాలలో తేనె చెడుతున్నది. తేమ సుమారు 20 శాతానికి మించితే తేనెలో సహజంగా ఉండే ఈస్టు మేల్కొని పులియబెడుతుంది. మన దేశపు ఆహార ప్రమాణాలలోనూ సాధారణ తేనెకు హద్దు 20 శాతమే. తొందరపడి మూత వేయని పట్టు కోసినా, గుడ్లు పురుగులు ఉన్న భాగాన్ని కలిపి చేత్తో పిండినా, తేమ పెరుగుతుంది. వారం పదిరోజులలో పైన నురుగు, పుల్లని సారాయి వాసన, మూత తీయగానే బుస్సుమనే శబ్దం కనిపిస్తే అది పులిసినదే. పెట్టెలు పెంచేవారు చట్రంలో కనీసం మూడు వంతులకు రెండు వంతుల గదులకు మూత పడినదాకా ఆగాలి. మూత లేని చట్రాన్ని అడ్డంగా పట్టుకొని ఒక్కసారి విదిలిస్తే బొట్లు రాలితే, అది ఇంకా మకరందమే. వానాకాలంలో గాలి తేమగా ఉండటం వలన మూత పడిన తేనె కూడా పలుచగా ఉండవచ్చును, డబ్బా బిగువుగా మూసి ఉంచకపోతే గాలిలోని తేమను అదే పీల్చుకొంటుంది.

పక్వమైన తేనెలో నీరు తక్కువ, ఆమ్లం ఎక్కువ గనుక సూక్ష్మజీవులు పెరగలేవు. పెరగలేవే గాని, కొన్నింటి బీజాలు చావవు. బొటులిజం కలిగించే బీజాలు తేనెలో నిద్రాణంగా ఉండి, పసిబిడ్డ కడుపులో మేల్కొనగలవు. అందుచేత పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, ఏడాది నిండకముందు తేనె నాకించడం ప్రమాదకరం. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఇది మారదు.

చలికాలంలో సీసాలో తేనె గడ్డకట్టితే కల్తీ అని గొడవ పడటం మాత్రం నిష్కారణం. గ్లూకోజు పాలు ఎక్కువైన తేనె చల్లదనానికి పేరుకొంటుంది. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే మళ్ళీ కరుగుతుంది. మంట మీద కాచితే కరుగుతుంది గాని, ఈగలు చేర్చిన పదార్థాలు నశించి, సువాసన పోతుంది.