తరుగు తగ్గితే మిగిలిన నూనెకు ఏ ధర కట్టాలి?

తవుడు నూనెను శుద్ధి చేసే మిల్లులో పోసిన ముడినూనె అంతా శుద్ధనూనెగా బయటికి రాదు. జిగురునూ ఆమ్లాలనూ తీసేసేటప్పుడు కొంత నూనె మడ్డిలోకి పోతుంది. ఆ మడ్డిని సబ్బులు చేసేవాళ్లు తక్కువ ధరకు కొంటారు. ఎంత తరుగు పోతుందో మిల్లువాళ్లు అనుభవం మీద ముందే అంచనా వేసుకుంటారు. ప్రాసెస్ కాస్టింగ్‌లో దాన్ని సాధారణ నష్టం అంటారు. తరుగు అంతకన్నా తగ్గితే మిగిలిన సరుకే అసాధారణ లాభం.

లెక్క సులువుగా ఉండే అంకెలతో చూద్దాం. 1,000 కిలోల ముడినూనెకు కొనుగోలు, ఆవిరి, రసాయనాలు, కూలి కలిపి 92,000 రూపాయలు ఖర్చయింది. అంచనా తరుగు 100 కిలోలు. అది కిలో 20 చొప్పున 2,000 తెస్తుంది. మిగతా 90,000 రావలసిన 900 కిలోల మీద పడుతుంది. అంటే కిలోకు 100 రూపాయలు.

తీరా చూస్తే 940 కిలోలు వచ్చింది. ఆ అదనపు 40 కిలోలకు ఏ ధర కట్టాలి? మడ్డి కావలసిన సరుకే కదా, 20 చాలదా అనిపించవచ్చు. కానీ ఆ 40 కిలోలు మిగతా నూనెతో పాటే ట్యాంకులో ఉంది. దాన్ని వేరు చేయలేం, అమ్మితే అదే ధర పలుకుతుంది. అందుకే దానికీ 100 రూపాయలే కట్టి, 4,000ను ప్రాసెస్ ఖాతాలో డెబిట్ చేస్తారు. 92,000, 4,000 కలిపితే 96,000. అటువైపు సాధారణ నష్టం 2,000, 940 కిలోల నూనె 94,000. రెండు వైపులా సరిపోయాయి.

20 చొప్పున కట్టి ఉంటే? నూనె మొత్తం విలువ 90,800కు దిగి, కిలో సుమారు 96.60 అయ్యేది. అసలు చిక్కు ఇక్కడే. ఒక నెల బాగా నడిచినందుకు ధర తగ్గి, మరో నెల చెడినందుకు పెరుగుతుంటే, ఆ ధరను నమ్మి అమ్మకపు రేటు ఎలా నిర్ణయిస్తారు? మంచి పనితనం వల్ల వచ్చిన ఫలితం కూడా సరుకు ధరలో కలిసిపోయి ఎవరికీ కనిపించదు. 100 దగ్గర నిలిపితే అది విడిగా ఒక ఖాతాలో తేలుతుంది. అసాధారణ నష్టానికీ ఇదే ధర కట్టడం వెనుక ఉన్న కారణం ఇదే.

అయితే 4,000 అంతా లాభం కాదు. మడ్డి 60 కిలోలే వచ్చింది కాబట్టి 2,000 బదులు 1,200 చేతికందుతుంది. తగ్గిన 800 తీసేస్తే మిగిలే 3,200 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది ఈ 800నే.

ఈ లాభం ప్రతి నెలా కనిపిస్తుంటే మాత్రం సంతోషించే ముందు అంచనాను తిరిగి చూడాలి. పది శాతం తరుగు మరీ ఉదారంగా పెట్టి ఉండవచ్చు. లేదా నూనెలో తేమ పూర్తిగా పోకముందే తూకం వేసి ఉండవచ్చు.