పైసలు వచ్చేటప్పుడు ఫోన్ పిన్ అడగదు

పోయిన నెల దుకాణంల దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు ఎత్తుకపోయే సంగతి రాసిన. అది చదివి ఇద్దరు ముగ్గురు అక్కలు దారిల ఆపి అడిగిండ్రు. "అన్నా, మాకు దుకాణం లేదు. ఇంట్ల కూసొని టవెళ్లు, చాదర్లు అమ్ముకుంటం. గిరాకీ అంతా ఫోన్ మీదనే వస్తది. మా సంగతేంది?" అన్నరు. వాళ్లు అడిగింది న్యాయమే. ఈ నెల ఆ సంగతే రాస్తున్న.

మన షోలాపూర్‌ల ఇప్పుడు గల్లీకి నలుగురన్నా ఆడోళ్లు ఈ పని చేస్తున్నరు. కార్ఖానా నుంచి డజన్ల లెక్కన టవెళ్లు తెచ్చుకుంటరు, ఫోటోలు తీసి కింద తమ నెంబరు రాసి వాట్సాప్‌ల పెడుతరు. ఆ ఫోటో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు పోతనే ఉంటది. మంచి గిరాకీ దగ్గరికి ఎట్ల పోతదో దొంగోని దగ్గరికీ అట్లనే పోతది. మన నెంబరు వానికి ఎట్ల దొరికిందని ఆశ్చర్యపోయే పని లేదు, మనమే రాసి ఇచ్చినం.

మా వెనుక గల్లీల ఒక చెల్లెకు జరిగింది చెప్పుత. పేరు రాయను, ఆమెను అడిగే రాస్తున్న. పొద్దుగాల పదకొండింటికి ఫోన్ వచ్చింది. మాట హిందీ. "మాతాజీ, నేను మిలటరీల పని చేస్త, పుణె క్యాంపుల ఉంట. మా జవాన్లకు 50 టవెళ్లు గావాలె" అన్నడు. ఆమె ఒక్కోటి 160 రూపాయలని చెప్పింది. "సరే, 8,000 అయితది, ఇప్పుడే మొత్తం ఇస్త, రేపు మా బండి వచ్చి తీస్కపోతది" అన్నడు. మిలటరీ డ్రెస్సుల ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో గూడ పంపిండు. ఇట్లాంటి ఫోటోలు ఎవరివో ఎత్తుకొచ్చి పెట్టుకుంటరు, వాటిని చూసి నమ్మేది లేదు.

ఇక్కడ ఒక్క మాట. 50 టవెళ్లు కొనేటోడు ఒక్క రూపాయన్నా బేరం ఆడలేదు. బట్ట ఎంత మందమున్నది, రంగు పోతదా, సైజు ఎంత అని ఏమీ అడగలేదు. మన దగ్గర రెండు టవెళ్లు కొనేటోడు గూడ వేలితో రుద్ది చూస్తడు. సరుకు మీద ధ్యాస లేని గిరాకీకి ధ్యాస వేరే దేని మీదనో ఉంటది.

ఆమె తన యూపీఐ నెంబరు చెప్పబోయింది. వాడు ఆపిండు. "మాది మిలటరీ ఖాతా, మామూలుగ పోదు. నేను క్యూఆర్ పంపుత, మీరు స్కాన్ చేస్తే మీ ఖాతాల పైసలు పడుతయి. నమ్మకం కోసం మొదలు 5 రూపాయలు చేసి చూడుండ్రి, నేను 10 వాపస్ ఇస్త" అన్నడు. ఆమె స్కాన్ చేసి, 5 కొట్టి, పిన్ వేసింది. నిమిషంల 10 రూపాయలు వచ్చినయి. ఆమెకు నమ్మకం కుదిరింది. తర్వాత 8,000 రాసి ఉన్న క్యూఆర్ పంపిండు. స్కాన్ చేసింది, పిన్ వేసింది. 8,000 పోయినయి.

ఆమె గాబరా పడితే వాడు జర గూడ తొట్రుపడలేదు. "అరె, మీరు తొందరపడి నొక్కిండ్రు, ఉల్టా అయింది. మళ్లొకసారి చేస్తే రెండూ కలిపి 16,000 వాపస్ పడుతయి" అన్నడు. పోయిన పైసలు ఎట్లనన్న రావాలెనన్న ఆత్రంల ఆమె రెండోసారి గూడ చేసింది. అవి ఆ నెల భిసీ కట్టేటందుకు, కార్ఖానా సేఠ్‌కు ఇచ్చేటందుకు దాచిన పైసలు. మూడోసారి చెయ్యమన్నప్పుడు ఖాతాల చాలినంత లేదు కాబట్టి ఆగింది.

ఇప్పుడు ఆ 5, 10 రూపాయల ఆటను నిమ్మళంగ చూద్దాం. మోసమంతా అందులనే ఉన్నది. ఆమె 5 పంపింది ఒక పని. వాడు తన ఫోన్ నుంచి ఆమె నెంబరుకు 10 పంపింది పూరాగ ఇంకో పని. రెండిటికీ సంబంధం లేదు. కానీ ఒకదాని వెంబడి ఒకటి జరిగినయి కాబట్టి, స్కాన్ చేసి పిన్ వేసినందుకే పైసలు వచ్చినయని ఆమెకు అనిపించింది. వానికి ఖర్చయింది 5 రూపాయలు.

తర్వాత నేను ఆమెను ఒక్కటే అడిగిన. "చెల్లె, ఆ 10 రూపాయలు వచ్చినప్పుడు నీ ఫోన్ ఏమన్న అడిగిందా?" ఆమె ఆలోచించింది. ఏమీ అడగలేదు, టింగుమని మోగింది అంతే. మరి 10 రూపాయలకు అడగని పిన్ 8,000కు ఎందుకు అడుగుతది? పైసలు ఎంతయినా, ఎక్కడినుంచి వచ్చినా, మిలటరీ అయినా సర్కారయినా, మన ఖాతాలకు వచ్చేటప్పుడు మనం చేసేది ఏమీ లేదు. ఫోన్ సంచిల ఉన్నా, బంద్ పెట్టి ఉన్నా వస్తయి.

నేను మిల్లుల సాంచెల మీద పనిచేసినోన్ని, నాకు ఇది గేటు లెక్కన అర్థమయింది. లోపలికి వచ్చే నూలు బస్తాను వాచ్‌మన్ రిజిష్టర్ల రాసుకొని తోలేటోడు. బయటికి పోయే తానుకు మాత్రం సాహెబు సంతకం పెట్టిన గేట్‌పాస్ గావాలె. పిన్ అంటే మన ఖాతాకు ఆ గేట్‌పాస్. పాస్ మీద సంతకం అడుగుతున్నరంటే సరుకు బయటికే పోతున్నట్టు. పిన్ ఇంకొక పనికి గూడ పడుతది, ఖాతాల ఎంతున్నదో చూసుకునేటందుకు. దొంగలు దీన్ని గూడ వాడుకుంటరు. "పైసలు పడినయా లేదా చూసుకో" అనుకుంట పిన్ వేయిస్తరు. అందుకే ఫోన్ల ఒకడు మాట్లాడుతుండంగ ఆ పని గూడ చెయ్యొద్దు. ఫోన్ పెట్టేసి, మన చేత్తో మనమే యాప్ తెరిచి చూసుకోవాలె.

క్యూఆర్ సంగతి గూడ అంతే. ఆ నల్ల గడులు ఒక అడ్రసు, పైసలు ఎవరికి చేరాలెనో రాసిన చీటీ. దాంట్ల ఎంత పంపాలెనో గూడ ముందే రాసి పెట్టొచ్చు. కూరగాయల బండి మీద చూడుండ్రి. క్యూఆర్ బండికి వేలాడుతది, పైసలు ఇచ్చేటోళ్లు స్కాన్ చేస్తరు. కూరగాయలమ్మ ఎన్నడన్న స్కాన్ చేసిందా? తీసుకునేటోళ్లు చూపిస్తరు, ఇచ్చేటోళ్లు స్కాన్ చేస్తరు. "స్కాన్ చెయ్యి, పైసలు పడుతయి" అన్న మాట ఎవరు చెప్పినా అబద్ధమే. మనం అమ్మేటోళ్లమైతే మన క్యూఆర్ ఫోటో వానికి పంపాలె. నిజంగ కొనేటోనికి దాంతోటి ఏ ఇబ్బందీ ఉండదు.

మన ఆడోళ్లల చదువు తక్కువున్నోళ్లు చానమంది ఉన్నరు. ఇంగ్లీషు అక్షరాలు రాకున్నా ఒక్క గుర్తు పట్టుకోవచ్చు. పిన్ వేసే తెర మీద నాలుగో ఆరో ఖాళీ గుర్తులు వరుసగ ఉంటయి, కింద అంకెలు ఉంటయి. ENTER UPI PIN అని రాసి ఉంటది. ఎవరికి పోతున్నయో ఆ పేరు, ఎంత పోతున్నయో ఆ లెక్క పైన కనపడుతది. ఆ వరుస కనపడితే పైసలు పోయే దర్వాజ కాడ నిలబడ్డట్టు. అది మనం ఇయ్యవలసిన లెక్క గాకుంటే చెయ్యి తీసెయ్యాలె. ఇప్పుడు కొన్ని ఫోన్లల పిన్ బదులు వేలిముద్ర, మొఖం చూపించినా నడుస్తది. అది గూడ పిన్ వేసినట్టే. తర్వాత వచ్చే మెసేజీల debited అంటే పోయినట్టు, credited అంటే వచ్చినట్టు. ఈ రెండు మాటలు కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు. కాకపోతే ఉత్త మెసేజీని నమ్ముకోవద్దు, దొంగలు credited అని దొంగ మెసేజీ గూడ పంపుతరు.

ఇదివరకు ఇదే మోసం ఇంకో తీరుగ చేసేటోళ్లు. ఒకడు తన ఫోన్ నుంచే "నాకు ఇంత ఇయ్యి" అని మనకు రిక్వెస్టు పంపేటోడు, అది పైసలు వచ్చేదనుకొని మనోళ్లు పిన్ వేసేటోళ్లు. ఒక మనిషి ఇంకో మనిషికి అట్ల రిక్వెస్టు పంపేది 2025 అక్టోబరు 1 నుంచి బంద్ చేసిండ్రు. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ సంస్థనే బంద్ చేసింది. వ్యాపార సంస్థలు పంపేది మాత్రం ఇంకా ఉన్నది. ఒక దారి మూసుకపోతే దొంగ క్యూఆర్ దారి పట్టిండు.

ఇగ ఆ చెల్లె సంగతి. మగనికి తెలుస్తదన్న భయానికి ఆమె ఎవరికీ చెప్పకుంట కూసున్నది. కొడుకు పగటి అన్నానికి ఇంటికి వచ్చి తల్లి మొఖం చూసి ఫోన్ తీసుకున్నడు. వెంటనే 1930కి ఫోన్ చేసిండు. అది ఈ పైసల మోసాలకే సర్కారు పెట్టిన నెంబరు, దేశమంతటా అదొక్కటే. వాళ్లు బ్యాంకు పేరు, ఎప్పుడు పోయినయి, ఎంత పోయినయి, పన్నెండంకెల లావాదేవీ నెంబరు అడిగిండ్రు. యాప్‌ల ఆ చెల్లింపు మీద వేలు పెడితే ఆ నెంబరు కనపడుతది. అవతలి బ్యాంకుల ఉన్నకాడికి పైసలు ఆపుతరు. వాడు ఏటీఎంల తీసేసినా, ఇంకో ఖాతాకు తిప్పినా దొరకపట్టుడు కష్టమైతది. ఈమెది మొదటి 8,000 అప్పటికే పోయినయి. రెండోది ఆగింది. పోలీసు కాగితాలు, కోర్టు ఆర్డరు అయి చేతికి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది.

1930కి చేసినంక మన బ్యాంకుకు గూడ చెప్పాలె, cybercrime.gov.in ల ఫిర్యాదు పెట్టి ఆ నెంబరు రాసుకోవాలె. బ్యాంకుకు చెప్పుట్ల ఆలస్యం చెయ్యొద్దు. రిజర్వు బ్యాంకు 2017ల పెట్టిన నియమంల ఇట్ల చెప్పింది. మనకు తెల్వకుంట, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుంట పైసలు పోతే, మూడు పనిదినాలల్ల చెప్పితే నష్టం మన మీద పడదు. మన పిన్ను, రహస్య నెంబర్లు మనమే ఇచ్చి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేవరకు పోయింది మనదే, చెప్పినంక పోయేది బ్యాంకుది. పిన్ మన చేత్తోనే వేసినమంటే బ్యాంకు ఈ రెండో మాటనే పట్టుకుంటది.

ఆ చెల్లె ఇప్పుడు టవెళ్ల గిరాకీకి వేరే చిన్న ఖాతా పెట్టుకున్నది. యూపీఐ దానికే కట్టి ఉన్నది, దాంట్ల రెండు వేలకు మించి ఉంచదు. మన పింఛను పడే ఖాతా, పీఎఫ్ పడే ఖాతా యూపీఐకి కట్టకుంట ఉంచుకుంటే మంచిదని నేను మా ఇంట్ల గూడ చెప్పిన.

వచ్చే నెల "రాత్రికి మీ కరెంటు కట్ చేస్తం" అని వచ్చే మెసేజీ సంగతి రాస్త.